200/20 ప్లానా, 100/100 ప్లానా? నాలుగు కెమెరాలున్న ఇంటికి ఏది సరిపోతుంది

కృష్ణవేణి_గుంటూరు
ఇంటికి కొత్త కనెక్షన్ తీసుకోవాలి. మా వీధిలో రెండు దొరుకుతున్నాయి. లోకల్ ఆపరేటర్ ఇచ్చేది 200 ఎంబీపీఎస్. గట్టిగా అడిగితే అప్‌లోడ్ 20 అన్నాడు. రెండోది ఫైబర్, 100 డౌన్‌లోడ్, 100 అప్‌లోడ్, నెలకి 150 రూపాయలు ఎక్కువ. రెండిటికీ డేటా పరిమితి నెలకి 3300 జీబీ. ఇంట్లో వర్క్ ఫ్రమ్ హోమ్ ఒకరు, ఆన్‌లైన్ క్లాసులు ఒకరు. బయట నాలుగు కెమెరాలు, 2 మెగాపిక్సెల్‌వి, 24 గంటలూ క్లౌడ్‌లో రికార్డింగ్. ఫోటోలు, వీడియోలు కలిపి 250 జీబీ ఉన్నాయి, అవి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించాలి. 200 ఉన్నది వదిలేసి 100కి ఎక్కువ డబ్బులు కట్టడం తెలివైన పనేనా అని ఇంట్లో అడుగుతున్నారు.

ఓటీటీ_రాజా
200 తీసుకోండి అక్కా, ఆలోచించక్కర్లేదు. 4కె సినిమాకి 25 చాలు. 200 ఉంటే నాలుగు టీవీలు ఒకేసారి నడిచినా బఫరింగ్ రాదు.

తీగల_మాస్టారు
రాజా, ఆవిడ టీవీ సంగతి అడగలేదయ్యా. ఆవిడ రాసినవన్నీ ఇంట్లోంచి బయటికి వెళ్ళే డేటా. సినిమాకి నువ్వు చెప్పింది నిజమే, అయితే అది 100లో కూడా హాయిగా నడుస్తుంది.

కృష్ణవేణి గారూ, లెక్క కెమెరాల దగ్గర మొదలుపెట్టండి, ఎందుకంటే ఆగకుండా నడిచేవి అవే. 2 మెగాపిక్సెల్ అంటే 1080పి కెమెరా. వీడియోని కుదించే హెచ్.264 పద్ధతిలో అది సాధారణంగా 2 ఎంబీపీఎస్‌కి సెట్ చేసి ఉంటుంది. నాలుగింటికి 8. పొద్దున్నా, అర్ధరాత్రీ, మీరు ఊళ్ళో లేకపోయినా ఆ 8 పోతూనే ఉంటుంది. దానిపైన వీడియో కాల్. జూమ్ గ్రూప్ కాల్‌లో 720పి పంపడానికి 2.6 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలని వాళ్ళే చెబుతారు. ఒకే సమయంలో ఇద్దరు కాల్‌లో ఉంటే 5.2. మొత్తం 13.2. 20 ఉన్న లైనులో కాగితం మీద దాదాపు 7 మిగులుతుంది.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. డౌన్‌లోడ్ చేసేటప్పుడు కూడా మన వైపు నుంచి అందింది, అందింది అని చిన్న చిన్న జవాబులు వెళ్తూ ఉంటాయి. అవి డౌన్‌లోడ్‌లో సుమారు 2 శాతం. ఎవరో 200 వేగంతో గేమ్ దించుకుంటుంటే ఆ జవాబులకే 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ పోతుంది. అంటే మిగిలింది 3. అప్పుడు డ్రైవ్ బ్యాకప్ మొదలైందనుకోండి, మిగిలినదంతా లాగేసుకుని ఇంకా కావాలని తోస్తుంది. కాల్ చెడేది అప్పుడే.

ఓరుగల్లు_సతీష్
మాస్టారూ, గింత పరేషాన్ ఎందుకు? బ్యాకప్ రాత్రి పెట్టుకుంటే 20 మస్తు అయితది. 12 గంటలకు చాలు చేస్తే పొద్దుగాల్ల వరకు కొంత కొంత ఎక్కుతది. ఒక్కసారి అయిపోయినంక రోజూ కొత్త ఫోటోలే కదా, ఎంతుంటయి?

తీగల_మాస్టారు
సగం ఒప్పుకుంటాను సతీష్. మొదటి బ్యాకప్ ఒక్కసారిదే, తర్వాత రోజువారీ భారం తక్కువే. కానీ రాత్రి కెమెరాలు నిద్రపోవు కదా. చీకట్లో చిత్రం నిండా చుక్కలు చుక్కలుగా ఉంటుంది. బిట్‌రేట్, అంటే కెమెరా సెకనుకి పంపే డేటా, వేరియబుల్‌లో పెట్టి ఉంటే రాత్రే ఎక్కువ లాగుతుంది. లైటు చుట్టూ పురుగులు తిరిగినా, వాన పడినా అంతే. కాబట్టి రాత్రి కూడా మీ చేతికి వచ్చేది 20 కాదు, 10 నుంచి 12.

250 జీబీ అంటే 20 లక్షల మెగాబిట్లు. బ్యాకప్‌కి 5 ఎంబీపీఎస్ వదిలితే 4 లక్షల సెకన్లు, అంటే 111 గంటలు. రాత్రికి 6 గంటల చొప్పున పెడితే 18, 19 రాత్రులు. 100 అప్‌లోడ్ లైనులో 60 దానికి వదిలినా 9 గంటల పైచిలుకులో అయిపోతుంది.

టెక్సాస్_బుజ్జి
ఇంకో మాట సతీష్ గారూ, మీ రాత్రి మాకు పగలు. అమెరికా నుంచి పిల్లలు కాల్ చేసేది ఎక్కువగా అక్కడి రాత్రి 9, 10 దాటాకో, తెల్లవారుజామునో. రాత్రి బ్యాకప్ సరిగ్గా ఆ కాల్స్ మీదే పడుతుంది.

ఇక్కడి సంగతి చెప్తాను. ఫైబర్ రాని వీధుల్లో ఇప్పటికీ టీవీ కేబుల్ మీద వచ్చే ఇంటర్నెట్టే. ప్రకటనలో 500 అని ఉంటుంది, అప్‌లోడ్ చూస్తే 20. అమ్మానాన్నలు "మీరు మసగ్గా కనిపిస్తున్నారు, మా నెట్ బాలేదేమో" అనుకుంటారు. చాలాసార్లు అది ఇక్కడి అప్‌లోడ్ మహిమ.

తీగల_మాస్టారు
బాగా చెప్పారు బుజ్జి గారూ. తప్పు ఎటువైపు ఉందో పట్టుకోవడానికి అదే దారి. అవతలివాళ్ళకి మనం మసగ్గా కనిపిస్తూ, మన గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తూ, మనకి మాత్రం వాళ్ళు స్పష్టంగా ఉంటే లోపం దాదాపు మన అప్‌లోడ్‌లోనే ఉంటుంది. అంతా తారుమారైతే ముందు వాళ్ళ అప్‌లోడ్‌ని, తర్వాత మన వైఫైని అనుమానించాలి.

కేబుల్‌లో అప్‌లోడ్ తక్కువ ఉండటానికి కారణం ఆ తీగ మొదట టీవీ చానెళ్ళు ఇంటికి తేవడానికి వేసింది కావడం. అమెరికాలో పాత పద్ధతిలో 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చిన్న ముక్కే అప్‌లోడ్‌కి వదిలారు, పైనున్నదంతా డౌన్‌లోడ్‌కే. అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2024లో బ్రాడ్‌బ్యాండ్ కొలమానాన్ని 25/3 నుంచి 100/20కి పెంచింది. మన దగ్గర 2023లో కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కి పెంచినా, అది డౌన్‌లోడ్ గురించే.

ఫైబర్‌లో ఆ ఇరుకు లేదు. మన వీధుల్లో ఎక్కువగా ఉండే జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఒక తీగకి డౌన్‌లోడ్ 2.5 జీబీపీఎస్, అప్‌లోడ్ 1.25 జీబీపీఎస్ వరకు ఉంటుంది. దాన్ని 32 లేదా 64 ఇళ్ళు పంచుకుంటాయి. కాబట్టి ఫైబర్ వేసి కూడా అప్‌లోడ్ 20 ఇస్తున్నారంటే చాలావరకు అది ప్లాన్‌లో పెట్టిన హద్దే, తీగ చేతగానితనం కాదు. ఆ లోకల్ ఆపరేటర్ మీ ఇంటిదాకా తెచ్చేది ఫైబరేనా, లేక అపార్ట్‌మెంట్ స్విచ్ నుంచి మామూలు ల్యాన్ వైరా అని కూడా అడగండి.

కృష్ణవేణి_గుంటూరు
అతనిది కూడా ఫైబరే అంటున్నాడు. ఇంకో సందేహం. 20 నిండిపోతే బ్యాకప్ నెమ్మదిస్తుంది, సరే. కాల్ ఎందుకు చెడాలి? దానికి కావలసింది 2.6 మాత్రమే కదా?

తీగల_మాస్టారు
అసలు సమస్య అక్కడే ఉంది. రౌటర్‌లో బయటికి వెళ్ళే డేటాకి ఒక వరుస ఉంటుంది. బ్యాకప్ లైను సామర్థ్యానికి మించి తోస్తే మిగిలింది ఆ వరుసలో పేరుకుంటుంది. మామూలు రౌటర్ దాన్ని పారేయకుండా దాచుకుంటుంది. కాల్ తాలూకు చిన్న ప్యాకెట్ వచ్చి ఆ వరుస చివర నిలబడుతుంది. టోల్‌గేట్ దగ్గర లారీల వెనక ఇరుక్కున్న బైకులాగా. వేగం ఉంది, దారి లేదు. ఆలస్యం 10 మిల్లీసెకన్ల నుంచి 400కి పోవచ్చు. మాట వెళ్ళడానికి ఒకవైపు 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు. అది దాటినకొద్దీ ఒకరి మాటకి ఒకరు అడ్డం పడతారు. జూమ్, టీమ్స్ లాంటివి ఆ ఆలస్యం చూసి లైను బాలేదనుకుని తమంతట తామే చిత్రం నాణ్యత తగ్గించుకుంటాయి. ఇందాక చెప్పిన చిన్న జవాబులు కూడా అదే వరుసలో ఇరుక్కుంటాయి. అందుకే అప్‌లోడ్ నిండితే బ్రౌజింగ్ కూడా కుంటుతుంది. మనుషులు అది చూసి డౌన్‌లోడ్ చాలట్లేదనుకుని 300 ప్లాన్‌కి మారతారు. ఏమీ మారదు.

ఇప్పుడున్న లైనులోనే పరీక్షించవచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
ping -t 8.8.8.8
```

ఒక నిమిషం అంకెలు చూడండి. తర్వాత 2 జీబీ వీడియో ఒకటి డ్రైవ్‌కి పంపడం మొదలుపెట్టి మళ్ళీ చూడండి. 10, 15లో ఉన్నది 30, 40 అయితే ఫరవాలేదు. 200 దాటితే వరుస పేరుకుంటోందన్నమాట. ఆపడానికి కంట్రోల్, సి. ల్యాన్ వైరు పెట్టి చేస్తేనే నమ్మండి, వైఫై మీద ఊరికే కూడా ఎగిరెగిరి పడుతుంది.

ఓరుగల్లు_సతీష్
గట్లయితే 100 అప్‌లోడ్ ఉన్నా డ్రైవ్ మొత్తం 100 నింపుతది కదా మాస్టారూ? అప్పుడు గూడ కాల్ ఖరాబే గదా?

తీగల_మాస్టారు
మంచి ప్రశ్న. నింపితే ఔను, అక్కడా పేరుకుంటుంది. కాకపోతే 100లో వరుస అయిదు రెట్లు వేగంగా ఖాళీ అవుతుంది. అంతే పొడవున్న వరుస 20లో 400 మిల్లీసెకన్లు ఆపితే 100లో 80 ఆపుతుంది. పైగా పంపే పని తొందరగా ముగిసి లైను వదిలేస్తుంది.

20 లైనులో ఉన్నవాళ్ళు మాత్రం బ్యాకప్‌కి కళ్ళెం వేయాల్సిందే. కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్ సెట్టింగ్స్‌లో Bandwidth settings కింద Upload rate ఉంటుంది. వన్‌డ్రైవ్‌లోనూ ఇలాంటిదే ఉంది. అక్కడ అడిగేది KB/s, మన ప్లాన్‌లో ఉన్నది ఎంబీపీఎస్. ఒక ఎంబీపీఎస్ అంటే 125 KB/s. 5 ఎంబీపీఎస్ కావాలంటే 625 వేయాలి. 5 అని వేస్తే బ్యాకప్ ఏడాదికీ తెమలదు, 5000 వేస్తే అది 40 ఎంబీపీఎస్, పెట్టినా పెట్టనట్టే. ఫోన్‌లో గూగుల్ ఫోటోస్‌కి ఇలా వైఫై వేగం తగ్గించే వీలు లేదు, కాల్ సమయంలో బ్యాకప్ ఆపుకోవడమే.

రౌటర్ సొంతంగా కొనే ఓపిక ఉంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో ఈ వరుసని అదుపులో పెట్టే ఎస్‌క్యూఎం అనేది ఉంది. అప్‌లోడ్ హద్దు 20కి బదులు 17 లేదా 18 అని పెడితే వరుస ఆపరేటర్ డబ్బాలో కాకుండా మన రౌటర్‌లోనే ఉంటుంది, చిన్న ప్యాకెట్లకి అది దారి ఇస్తుంది. ఆ రెండు ఎంబీపీఎస్ పోయినా కాల్ నిలుస్తుంది.

కెమెరా_కోటి
అందరూ అప్‌లోడ్ వేగం మీదే పడ్డారు. 3300 జీబీ పరిమితిని ఎవరూ పట్టించుకోలేదేంటి?

2 ఎంబీపీఎస్ కెమెరా రోజుకి 21.6 జీబీ పంపుతుంది. నాలుగు కలిసి 86.4. ముప్పై రోజులకి 2592 జీబీ. ఇంకా ఒక్క సినిమా చూడకుండానే. ఇంట్లో మిగతా వాడకం రోజుకి 40 జీబీ అనుకుంటే మొత్తం 126.4. 26వ రోజు ముగిసేసరికి 3300 దాదాపు అయిపోతుంది. తర్వాత ఏ 2 ఎంబీపీఎస్‌కో దించుతాడు, ఎంతకి దించుతాడన్నది ప్లాన్‌ని బట్టి. అప్పుడు 8 కావలసిన కెమెరాలు ఆ 2ని పట్టుకుని వేలాడతాయి, ఇంట్లో వాట్సాప్ కూడా కదలదు. నెలాఖరుకి నెట్ స్లో అవుతోందని ఫిర్యాదు చేసే ఇళ్ళలో ముందు చూడాల్సింది ఇదే. ఈ విషయంలో 100/100 ప్లాన్ మీకేమీ ఒరగబెట్టదు మేడమ్, పరిమితి రెండిటికీ ఒకటే కాబట్టి.

అసలు మీ కెమెరాలు నిజంగా 24 గంటలూ పంపుతున్నాయా అన్నది ముందు తేల్చుకోండి. చాలా ఇళ్ళ కెమెరాలు కదలిక ఉన్నప్పుడు తీసిన ముక్కలే క్లౌడ్‌కి పంపుతాయి, 24 గంటల రికార్డింగ్ మెమరీ కార్డులోకి పోతుంది. అమ్మేటప్పుడు రెండూ కలిపి క్లౌడ్ అంటారు. బిట్‌రేట్ తెలియకపోతే కార్డు తీసి ఒక గంట ఫైళ్ళ సైజు చూడండి. గంటకి 900 ఎంబీ ఉంటే సరిగ్గా 2 ఎంబీపీఎస్. 450 ఉంటే 1.

కృష్ణవేణి_గుంటూరు
చూశానండి. ప్లాన్ కొనేటప్పుడు 24 గంటలదే తీసుకున్నాం, యాప్‌లో కూడా రోజంతా గీత ఆగకుండా ఉంది. గంటకి 880 ఎంబీ చిల్లర. అంటే మీరన్నదే.

కెమెరా_కోటి
అయితే కెమెరా సెట్టింగ్‌లో హెచ్.265 ఉందేమో చూసి మార్చండి. చిత్రం అలాగే ఉండి బిట్‌రేట్ దాదాపు సగానికి దిగుతుంది. నాలుగింటికీ 4 ఎంబీపీఎస్, నెలకి 1300 జీబీ లోపు. అయితే కోడెక్ మార్చి బిట్‌రేట్ హద్దు 2048 కేబీపీఎస్ దగ్గరే వదిలేస్తే ఉపయోగం లేదు, అదీ 1024కి దించాలి. ఫ్రేములు 25 ఉంటే 15 చాలు. గేటు దగ్గర మనిషి మొహం తెలియడానికి అంతకంటే అక్కర్లేదు.

నన్నడిగితే ఎన్‌వీఆర్ పెట్టుకోండి, కెమెరాల రికార్డింగ్‌ని ఇంట్లోనే డిస్కులో దాచే డబ్బా అది. 2 టీబీ డిస్కులో ఇప్పటి లెక్క ప్రకారమే 23 రోజుల రికార్డింగ్ ఉంటుంది, అప్‌లోడ్ సున్నా. మీరు బయట నుంచి ఫోన్‌లో చూసినప్పుడు మాత్రం ఇంటి నుంచి డేటా వెళ్తుంది. అప్పుడు కూడా నాలుగూ కలిపి చూసేటప్పుడు తక్కువ నాణ్యత ఉన్న సబ్ స్ట్రీమ్ పెట్టుకుంటే తక్కువలో పోతుంది.

టెక్సాస్_బుజ్జి
దొంగ ఎన్‌వీఆర్‌నే ఎత్తుకుపోతే? క్లౌడ్ పెట్టుకునేదే అందుకు కదా.

కెమెరా_కోటి
అటక మీద పెట్టి తాళం వేస్తారు. ఎత్తుకుపోవాలంటే ముందు వెతకాలి.

టెక్సాస్_బుజ్జి
అటక మీద గుంటూరు ఎండకి డిస్కు ఎన్నాళ్ళుంటుందండీ?

తీగల_మాస్టారు
ఈ తగువు తేలేది కాదు. రెండూ కొంచెం కొంచెం పెట్టుకోవచ్చు. 24 గంటల రికార్డింగ్ ఎన్‌వీఆర్‌లోకి, కదలిక ముక్కలు మాత్రం క్లౌడ్‌కి. కాకపోతే వీధి వైపు చూసే కెమెరాలో ప్రతి ఆటోకీ కదలికే. యాప్‌లో గేటు వరకే గీత గీసి కదలిక పరిధి తగ్గించకపోతే అదీ 24 గంటల లెక్కకే వస్తుంది.

ఓరుగల్లు_సతీష్
నాది వేరే కేసు, అడగొచ్చా? దుకాణంల ఆరు కెమెరాలు ఉన్నయి. ఫైబర్ రాలేదు, 5జీ ఎయిర్ కనెక్షన్ తీసుకుంటే నడుస్తదా? 100 ఎంబీపీఎస్ అంటున్నరు.

తీగల_మాస్టారు
ఆ 100 డౌన్‌లోడ్‌దే. 5జీలో మన దగ్గర వాడే 3.5 గిగాహెర్ట్జ్‌లో డౌన్‌లోడ్, అప్‌లోడ్ ఒకే తరంగం మీద వంతులవారీగా నడుస్తాయి, వంతుల్లో ఎక్కువ భాగం డౌన్‌లోడ్‌కే ఇస్తారు. పైగా టవర్‌కి ఉన్నంత బలం దుకాణం మీది యాంటెన్నాకి ఉండదు కాబట్టి దూరం పెరిగితే ముందు నీరసించేది అప్‌లోడే. డేటా పరిమితి కూడా చూసుకో. 1000 జీబీ ప్లాన్ అయితే ఆరు కెమెరాలు రోజుకి దాదాపు 130 జీబీ చొప్పున ఎనిమిదో రోజుకి ముగించేస్తాయి. కోటి చెప్పిన ఎన్‌వీఆర్ నీకు తప్పనిసరి.

యాంటెన్నా పెట్టేటప్పుడే, మనిషి నిచ్చెన దిగకముందే అప్‌లోడ్ కొలిపించు. ఒక అడుగు పక్కకి జరిపితే కూడా తేడా రావచ్చు. సాయంత్రం ఎలా ఉంటుందన్నది మాత్రం నీ టవర్ మీద ఎంతమంది ఉన్నారో దాన్ని బట్టి. అది ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను.

ఓటీటీ_రాజా
మరి అక్కకి ఏది? ఇంత చదివాక నాకే 20 చాలదేమో అనిపిస్తోంది.

తీగల_మాస్టారు
కెమెరాల్ని హెచ్.265కి మార్చితే 4, రెండు కాల్స్‌కి 5.2, జవాబులకి 4. మొత్తం 13.2. 20లో గడిచిపోతుంది, బ్యాకప్‌కి 625 హద్దు పెడితేనే, రాత్రి 9కి ఆ 20 నిజంగా 20గా ఉంటేనే. ఇంట్లో ఎవరైనా ఫోన్‌లో 4కె తీసే అలవాటు ఉంటే నేను 150 రూపాయలు పెట్టమంటాను. ఐఫోన్‌లో 4కె, 30 ఫ్రేముల వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ. పెళ్ళిలో గంట తీస్తే 10 జీబీ. 5 ఎంబీపీఎస్‌లో అది ఎక్కడానికి నాలుగున్నర గంటలు, ఫోన్‌కి కళ్ళెం వేసే వీలూ లేదు.

కట్టే ముందు రెండు ఆపరేటర్లనీ రెండు ప్రశ్నలు అడగండి, జవాబు వాట్సాప్‌లో రాసిమ్మనండి. పరిమితి దాటాక అప్‌లోడ్ ఎంత? 3300లో అప్‌లోడ్ కూడా లెక్కవేస్తారా?

కృష్ణవేణి_గుంటూరు
ఇద్దరికీ ఫోన్ చేశాను. ఫైబర్ వాళ్ళు అప్‌లోడ్ కూడా లెక్కలోకే వస్తుందన్నారు. లోకల్ అతను "అప్‌లోడ్ లెక్కవేయం మేడమ్" అన్నాడు, రాసి ఇవ్వమంటే ఫోన్ పెట్టేశాడు. నిజంగా లెక్కవేయకపోతే కెమెరాలకి అతనిదే మేలేమో అని మళ్ళీ సందేహం పట్టుకుంది.

కెమెరా_కోటి
అతని కనెక్షన్ మీ వీధిలో ఎవరింట్లో అయినా ఉందా? ఉంటే వాళ్ళ యాప్‌లో ఇప్పటిదాకా వాడిన డేటా అంకె రాసుకోండి. రాత్రి పడుకునే ముందు 10 జీబీ వీడియో ఫైలు డ్రైవ్‌కి పంపమనండి. లెక్క కొన్ని గంటలు ఆలస్యంగా చూపిస్తారు కాబట్టి మర్నాడు సాయంత్రం చూడాలి. అంకె మామూలు వాడకం కంటే 10 ఎక్కువ పెరిగితే లెక్కవేస్తున్నట్టే.

కృష్ణవేణి_గుంటూరు
పక్కింటివాళ్ళది అతనిదే. అడుగుతాను. వాళ్ళ ఇంట్లోనే రాత్రి 9కి ల్యాన్ వైరు పెట్టి అప్‌లోడ్ ఎంతొస్తుందో కూడా కొలిచి ఇక్కడ పెడతాను.